ఐదు వందల లోపు

నా కూతురు మనస్విని ఏ వీడియో అయినా జనంలోకి వదిలే ముందు నన్ను హాల్లో దివాన్ మీద కూర్చోబెట్టి ఒకసారి చూపిస్తుంది. అయిపోగానే ఫోన్ బోర్లా పెట్టి, "ఇప్పుడు నీకేం సమజైందో నువ్వు చెప్పమ్మా" అంటుంది.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. మొదట్లో ఆ మాట వింటే పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికి వచ్చినట్టు అరచేతులు తడిసిపోయేవి. తప్పు చెబితే విసుక్కుంటుందేమో అనుకునేదాన్ని. కానీ నేను తప్పు చెప్పినప్పుడు అది నన్ను దిద్దదు, వీడియోను దిద్దుతుంది. "అమ్మకు గిట్ల వినపడ్డదంటే నేనే గట్ల చెప్పిన" అని నరేన్‌తో అంటుంది. నరేన్ ఉప్పల్ స్టేడియం వెనక గల్లీలో ఉంటాడు. వీడియోలు తీసేదీ, కత్తిరించి అతికించేదీ అతనే.

వాళ్ళ చానల్ పేరు 'ఆధారమేంది?'. పేరు వింటేనే ఎవరితోనో కొట్లాటకు పోయినట్టుందని మా ఆయన అంటారు. ఆయన రైల్వేలో ఉన్నారు, సిగ్నళ్ళ పని. నా భయాలన్నిటికీ ఆయన దగ్గర ఒకటే జవాబు: "ఏం గాదు." హబ్సిగూడలో కోచింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే పిల్ల ఉద్యోగం మానేసి ఇలా కెమెరా ముందు నిలబడుతుంటే ఏం కాదని నేనెలా అనుకోగలను? ఎవరో కేసు పెడతారనుకున్నాను. ఎవరో ఇంటి మీదికి వస్తారనుకున్నాను. కామెంట్లలో ఎవరో ఒక మాట రాస్తే, అతను నాచారంలోనే ఉంటాడేమోనని బాల్కనీలోంచి రోడ్డు చూసేదాన్ని.

ఇన్ని అనుకున్నాను గానీ అసలు జరిగింది మాత్రం నా ఆలోచనకు రాలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో మా అపార్ట్‌మెంటుకు ఫిల్టర్లు అమ్మే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. టై కట్టుకుని, చేతిలో పెన్నులాంటి మీటర్ పట్టుకుని. మా బోరు నీళ్ళలో దాన్ని ముంచితే నాలుగు వందల అరవై చూపించింది. తర్వాత రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మా నీళ్ళు, ఇంకోదాంట్లో వాళ్ళ ఫిల్టర్ నీళ్ళు పోసి, కరెంటు తీగలున్న కడ్డీలు ముంచారు. చూస్తుండగానే మా గ్లాసులో నీళ్ళు తుప్పు రంగుకు తిరిగి, పైన చెత్త తేలింది. వాళ్ళ గ్లాసు అద్దంలా అలాగే ఉంది.

"ఇదేనమ్మా మీరు రోజూ తాగేది" అన్నాడు ఒకడు.

మేం తాగేది క్యాన్ నీళ్ళే, బోరు నీళ్ళు అంట్లకూ స్నానాలకూ. అయినా ఆ నీళ్ళతోనే కదా బియ్యం కడిగాను, ఇరవై ఏళ్ళుగా! మనస్విని లోపల్నుంచి వచ్చి ఆ గ్లాసులు చూసి నవ్వింది.

"అన్నా, ఆ కడ్డీలు దేనితో చేసినవి? ఇనుమేనా?"

"అది కంపెనీది మేడమ్..."

"కరెంటు పారితే ఇనుము కరుగుతది. ఆ తుప్పు మా నీళ్ళది కాదు, నీ కడ్డీది. మీ నీళ్ళల్ల ఉప్పు లేదు గాబట్టి కరెంటు పారలేదు, రంగు మారలేదు. గంతే."

వాళ్ళు సర్దుకుని పక్క బ్లాకుకు పోయారు. కానీ భయం నాలోనే ఉండిపోయింది. నాలాగే అపార్ట్‌మెంటు ఆడవాళ్ళందరిలోనూ. అందుకే మనస్విని నీళ్ళ మీద వీడియో చేస్తానంది.

మొదట కూర్చుని చదివింది. నరేన్ ఒక వెబ్‌సైటు చూపించి, "ఇగో అక్కా, ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు వందల లోపుంటేనే మంచిదన్నదట" అన్నాడు. మనస్విని ఊరుకోలేదు. ఆ వెబ్‌సైటు ఎక్కడ నుంచి తీసుకుందో చూసింది, అదెవరి నుంచి తీసుకుందో చూసింది, చివరికి అసలు కాగితం దగ్గరికి చేరింది. చేరి తల పట్టుకుంది.

"అమ్మా, ఆ మూడు వందలు రుచి ముచ్చటనే. కొందరికి నీళ్ళు తాగిపిచ్చి రుచి ఎట్లుందని అడిగిన్రు. మూడు వందల లోపుంటే మస్తుందన్నరు. ఆరోగ్యం ఊసే లేదు. మంది దాన్ని పట్టుకొచ్చి జబ్బుల లెక్కల కలిపిన్రు."

మన దేశం ప్రమాణం కూడా అలాగే తెరిచి చదివింది: కరిగిన ఉప్పులు లీటరుకు ఐదు వందల మిల్లీగ్రాముల లోపు ఉంటే సరే, వేరే దారి లేని చోట రెండు వేల వరకు. ఏ పేజీలో ఉందో వీడియో కింద రాసింది. "ఎవరు చదువుతరే అవన్నీ?" అని నేనంటే, "చదవకున్నా మంచిదే. చదువుదామనుకున్నోనికి దారి ఉండాలె కదా" అంది.

ఆ తర్వాత ఇద్దరు పెద్దలను ఇంటికి పిలిచింది. హబ్సిగూడలో పరిశోధన సంస్థలో నీళ్ళ మీద పనిచేసి రిటైరైన జనార్ధనరావు గారు ఒకరు. ప్రజారోగ్యం చూసే డాక్టర్ ఉదయశ్రీ గారు ఇంకొకరు. ఇద్దరూ కోస్తా వైపు వాళ్ళు, ఏళ్ళ తరబడి ఇక్కడే. నేను టీ పట్టుకెళ్ళేసరికి గొంతులు పెరిగిపోయాయి.

"ఫిల్టర్‌తో ఖనిజాలన్నీ పీల్చేసిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మంచిది కాదండీ. కఠినజలం తాగే ఊళ్ళలో గుండెపోటు మరణాలు తక్కువని చాలా దేశాల లెక్కలున్నాయి" అన్నారు జనార్ధనరావు గారు.

"ఊరికీ ఊరికీ పోల్చిన లెక్కలు సార్ అవి. ఆ ఊళ్ళో వాళ్ళు ఏం తింటారు, ఎంతమంది సిగరెట్ కాలుస్తారు, అవన్నీ వేరు కాదా? మనకు ఖనిజాలు ఎక్కువగా వచ్చేది పప్పులో, ఆకుకూరల్లో. ఈ మాట విని జనం ఫిల్టర్ మూలన పడేసి మురికినీళ్ళు తాగితే ఆ వాంతులూ విరేచనాలూ చూడాల్సింది నేను" అన్నారు డాక్టర్ ఉదయశ్రీ గారు.

నాకు భయం. మా ఇంట్లో పెద్దవాళ్ళు పోట్లాడుకున్నారన్న పేరు వస్తుందేమోనని. ఇంతలో జనార్ధనరావు గారు టీ కప్పు ఎత్తి, ఆగి, "ఇది ఏ నీళ్ళతో చేశారమ్మా?" అన్నారు.

ఇద్దరూ నా వైపు చూశారు.

"కాచినవే సార్" అన్నాను. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ తేడా లేదన్నమాట.

మనస్విని అక్కడ పట్టుకుంది. ముందు ఇద్దరూ ఒప్పుకునే మాటలు అడిగి తెలుసుకుంది. మీటర్ చూపించేది నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో ఒక అంచనా. క్రిములు దానికి కనబడవు. ఫ్లోరైడ్ లాంటిది కొంచెమే ఉన్నా హానే, మొత్తం అంకెలో అది తెలియదు. పరీక్ష చేయించాలంటే ల్యాబే దిక్కు. వీటిలో ఇద్దరిదీ ఒకే మాట. ఇక ఖనిజాలు తీసేసిన నీళ్ళు చాలా ఏళ్ళు తాగితే ఏమవుతుందన్న దగ్గర మాత్రమే మాట వేరు. అప్పుడు అది ఒక ప్రశ్న వేసింది.

"సార్, మేడమ్, ఏం చూపిస్తే మీరు మీ మాట మార్చుకుంటారు?"

జనార్ధనరావు గారు కప్పు కింద పెట్టారు. "ఒకే ఊళ్ళో ఒకేలాంటి తిండి తినేవాళ్ళను రెండు రకాల నీళ్ళతో ఏళ్ళ తరబడి గమనించి, తేడా లేదని తేలిస్తే మార్చుకుంటాను. అలాంటిది నా ఎరుకలో లేదమ్మా."

"తేడా ఉందని తేలిస్తే నేనూ మార్చుకుంటాను" అన్నారు డాక్టరమ్మ.

వాళ్ళు వెళ్ళాక నరేన్ గొణిగాడు. "అక్కా, ఇద్దరు రెండు తీర్లు అన్నరని చెప్తే జనం 'ఇగ మీరెందుకు' అంటరు. ఎవరో ఒకరిని పెట్టుకుందాం. లేకుంటే వాట్సాప్‌ల ఆ ప్రకృతి వైద్యం ఆయన మరగబెట్టిన నీళ్ళు చచ్చిన నీళ్ళంటున్నడు, ఆయనను గూడ పిలిస్తే ముగ్గురు. మస్తు నడుస్తది."

"ఈ ఇద్దరికి చదివిన పేపర్లున్నయ్, అడిగితే చూపిచ్చిన్రు. ఆయనకు ఫోన్ చేసి ఆధారమేంది అని అడిగిన. 'నా అనుభవం' అన్నడు. సమానంగ కుర్చీ ఎట్లేస్తం నరేన్?"

రాసుకున్నాక, ఎవరి మాట వాళ్ళకు పంపి, "మీరన్నది ఇదేనా?" అని అడిగింది. జనార్ధనరావు గారు ఒక్క మాట మార్చారు. 'హాని చేస్తుంది' అని ఉన్నచోట 'హాని చేయవచ్చు' అనిపించారు. తన వాదాన్ని తానే కొంచెం తగ్గించుకునే పెద్దమనిషిని అప్పుడే చూశాను.

ఆ వీడియో నాకు చూపించినప్పుడు, మీటర్ అంకె తక్కువుంటే నీళ్ళు శుభ్రమైనట్టే అని నేను చెప్పాను. మనస్విని వెంటనే లేచి ఒక వాక్యం కలిపింది. ఐదు వందల లోపు ఉంటే ఉప్పుల విషయంలో భయపడాల్సిన పని లేదు అన్న మాట వెనకే, క్రిముల సంగతి ఈ మీటర్ చెప్పదు అన్న మాట. మళ్ళీ చూపించింది. ఈసారి సరిగ్గా చెప్పాను. వీడియో వదిలారు. జనం మంచిగా చూశారు. నేనూ కుదుటపడ్డాను.

తర్వాతి వారం మల్కాజిగిరిలో మా చెల్లెలింటికి వెళ్ళి వచ్చాను. వస్తూనే కింద నీళ్ళ సంపు దగ్గర భాగ్యశ్రీ కనిపించింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటుంది. భర్తకు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో షిఫ్టు డ్యూటీ. చంకలో ఏడాది దాటిన సిరి. చేతిలో బోరు నల్లా కింద పట్టిన బిందె.

"ఏం భాగ్యా, క్యాన్ రాలేదా?"

"క్యాన్లు బంద్ జేసినం గదా ఆంటీ. మొన్న అసోసియేషన్ మీటింగ్ల సెక్రటరీ గిరిప్రసాదన్న మీ మనస్విని రీల్ చూపిచ్చిండు. మనది నాలుగు వందల అరవయ్యే, ఐదు వందల లోపు భయం లేదన్నది. చానామంది తాగుతున్నరు ఇప్పుడు. సిరి గూడ ఇవే తాగుతుంది."

సిరి నన్ను చూసి నవ్వింది. నాకు మాత్రం ఆ క్షణంలో దవాఖానా మంచాలు, సెలైన్ బాటిళ్ళు, ఇంకా ఏవేవో కళ్ళ ముందు తిరిగాయి. "తాపకు బిడ్డా, జర ఆగు, తాపకు" అంటూ మెట్లెక్కాను. లిఫ్టు కోసం కూడా నిలబడలేదు.

మనస్విని, నరేన్ హాల్లో కొత్త వీడియో చూసుకుంటున్నారు.

"రీలేంది? నాకు చూపియ్యని రీలేంది?"

నరేన్ ఫోన్ తీసి ఇచ్చాడు. నిమిషం కూడా లేదు. ఫిల్టర్ కుర్రాళ్ళ కడ్డీల మోసం, వెంటనే మనస్విని ముఖం దగ్గరగా: "ఐదు వందల లోపు ఉంటే ఉప్పుల విషయంలో భయపడాల్సిన పని లేదు." అంతే. అక్కడ సంగీతం, అక్కడే ముగింపు. కింద చిన్న అక్షరాల్లో 'పూర్తి వీడియో, ఆధారాలు చానల్‌లో' అని ఉంది.

ఈసారి మనస్విని ఫోన్ బోర్లా పెట్టలేదు. నేనే బోర్లా పెట్టి చెప్పాను. "నాకు సమజైంది చెప్త విను. మన బోరు నీళ్ళు మంచియి, తాగొచ్చు, భయం లేదు. గిదే సమజైంది. కింద సిరికి గూడ గిదే తాపుతున్నరు."

నరేన్ ఫోన్ తీసుకుని రీల్ మళ్ళీ చూశాడు.

"అండ్ల ఒక్క మాట గూడ తప్పు లేదు ఆంటీ" అన్నాడు నరేన్ మెల్లగా. "పెద్ద వీడియోలకెల్లి కట్ చేసిందే. అందుకే మీకు మల్ల చూపియ్యలే."

"నేనే చూసి సరే అన్న" అంది మనస్విని. "మ్యాచ్ దినం, ఉప్పల్ మెట్రో స్టేషన్ల మంది నడుమ నిలబడి చూసిన. సౌండ్ గూడ వినపడలే. అన్నీ మన మాటలే గదా అనుకున్న." దాని ముఖం తెల్లబోయింది. "మాటలన్నీ నిజమే నరేన్. కోసిన తావే అబద్ధం."

నేను తిట్టాలనుకున్నాను, తిట్టలేదు. అది అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. కిందికి దిగి భాగ్యశ్రీ గుమ్మం ముందు నిలబడి, చుట్టూ తిప్పకుండా చెప్పింది. "అక్కా, నా రీల్ తప్పుదారి పట్టిచ్చింది. ఆ మీటర్ క్రిముల గురించి చెప్పదు. ఆ మాట రీల్‌ల లేకుండ చేసిన. మన నీళ్ళల్ల ఏమున్నయో ఇప్పుడు నాకు తెల్వదు. తెలిసేదాంక కుతకుత మరగబెట్టి చల్లార్చి తాగుండ్రి."

భాగ్యశ్రీ మా ముఖాలు మార్చి మార్చి చూసింది. "నిన్నటి సంది పిల్లకు ఒళ్ళు వెచ్చగున్నది" అంది.

ఆ రాత్రి ఎలా గడిచిందో తలుచుకోవాలని లేదు. పొద్దున్నే పిల్లల డాక్టర్ దగ్గరికి భాగ్యశ్రీతో నేనూ వెళ్ళాను. సిరికి విరేచనాలు కూడా మొదలయ్యాయి. డాక్టరమ్మ చూసి, ఓఆర్‌ఎస్ ఎలా తాగించాలో చెప్పి, మూత్రం పోస్తోందా, కళ్ళు లోపలికి పోయాయా అని చూసుకోమంది. నేను ఆగలేక, "నీళ్ళ వల్లనేనా డాక్టరమ్మా?" అన్నాను.

"కావచ్చు, కాకపోవచ్చు. ఈ కాలంలో వైరస్ కూడా ఇళ్ళల్లో తిరుగుతోంది. పిల్ల బాగానే ఉంది, ముందు అది చూడండి."

భాగ్యశ్రీ నాతో మాట్లాడలేదు, తిట్టనూ లేదు. ఆటోలో సిరి నా చీర కొంగు పట్టుకుని నిద్రపోయింది. ఆ కొంగు లాక్కోవడానికి మనసొప్పక, ఇంటి ముందు దిగాక కూడా కొంచెంసేపు అలాగే నిలబడ్డాను.

అదే సమయంలో మనస్విని ల్యాబ్ నుంచి క్రిములు లేకుండా కడిగిన సీసా తెచ్చింది. నల్లా మూతి తుడిచి, నీళ్ళు కాసేపు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, ఐసు పెట్టిన డబ్బాలో వెంటనే పట్టుకుపోయింది. ఇష్టమొచ్చిన సీసాలో పట్టి, ఎండలో తిప్పి ఇస్తే ల్యాబ్ చెప్పే మాటకు విలువ ఉండదట.

జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. నీళ్ళలో కోలిఫాం ఉంది. తాగే నీళ్ళలో అసలు ఉండకూడనిది. మురుగు ఎక్కడో కలుస్తోందనడానికి అది గుర్తు అంది మనస్విని. వెతికితే సంపు పక్కనే ఉన్న డ్రైనేజీ చాంబర్ గోడ పగిలి ఉంది.

అసోసియేషన్ సెక్రటరీ గిరిప్రసాద్ ఆ పూటే పైకి వచ్చాడు. మనిషి కొంచెం వాడిపోయి ఉన్నాడు. ఆయనకూ కడుపు బాగాలేదని అందరికీ తెలుసు.

"నీ మాట పట్టుకునే గదా చెల్లె నేను మీటింగ్ల చెప్పింది."

"అవునన్నా. నాదే తప్పు."

ఆయన కొట్లాటకు సిద్ధమై వచ్చినట్టున్నాడు. ఆ మాటతో చేతులు ఏం చేయాలో తోచక సోఫా అంచు సవరించాడు. "సరే, చాంబర్ మిస్త్రీని పిలుస్త. సంపు కడిగిచ్చి బ్లీచింగ్ ఏపిస్త. మల్ల టెస్ట్ జేసేదాంక క్యాన్లు తెప్పిస్త" అని లేచాడు.

సమస్య అపార్ట్‌మెంటుతో తీరేది కాదు. ఆ రీల్ అప్పటికి వాళ్ళ చానల్‌లో అన్నిటికంటే ఎక్కువ మంది చూసింది. వాట్సాప్‌లలో ఎక్కడెక్కడికో పోయింది.

"తీసేద్దాం అక్కా, సప్పుడు లేకుండ. ఎవ్వరికి తెల్వది" అన్నాడు నరేన్.

"తీసేస్తం. కానీ సప్పుడు జేసుకుంట తీసేస్తం. మన చానల్‌ల తీసేస్తే వాట్సాప్‌ల పోయిందేమైతది? గది ఆగదు. గది పోయిన తొవ్వలనే పోయేటంత చిన్నగ ఇంకోటి చేయాలె. అదే మొదటి మాటతోని మొదలు పెట్టాలె. చూసినోడు గుర్తుపట్టాలె."

"అయితే సిరి ముచ్చట పెడదామా? పిల్లకు జ్వరమొచ్చిందంటే జనం ఆగి చూస్తరు."

"పిల్లల డాక్టరమ్మే నీళ్ళ వల్లనని చెప్పలే. మనమెట్ల చెప్తం? భయపెట్టి నిజం చెప్పినా, గది ఆ కడ్డీలోళ్ళ పనే నరేన్."

నరేన్ చెవి గోక్కున్నాడు. నాకు కూడా ఆ మాటతో లోపల ఏదో తగిలింది. నేనైతే సిరి ఫోటో పెట్టి ఊరంతా చెప్పేదాన్ని. నా భయానికి అంత తొందర.

కొత్త రీల్ తయారైంది. మనస్విని అదే చోట నిలబడి, ఐదు వందల లోపు ఉంటే భయం లేదని మేం చెప్పిన రీల్ మీలో చాలామంది చూశారు, అందులో ఒక ముఖ్యమైన మాట మేం కోసేశాం, అది మా తప్పు అంది. ఆ మాట ఏమిటో, ఇప్పుడేం చేయాలో చెప్పింది. ఏ తేదీన ఏం చెప్పారు, ఏం మార్చారు అన్నది పెద్ద వీడియో కింద మొదటి కామెంట్‌గా రాసి అక్కడే నిలిచేట్టు పెడతానంది. నాకు చూపించింది. నేను సరిగ్గానే చెప్పాను. అయినా దానికి తృప్తి కలగలేదు.

"నీకు ముందే తెలుసు గదమ్మా. నువ్వు చెప్తే లెక్క గాదు. తెల్వనోళ్ళకు చూపియ్యాలె."

"ఎవరికి?"

ఫోన్ పట్టుకుని కిందికి దిగింది. వెనకే నేను. భాగ్యశ్రీ తలుపు తీసి అడ్డంగా నిలబడింది. లోపల సిరి గిన్నె నేలకేసి కొడుతోంది. ఆ చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది. రెండు రోజులుగా ఆ పిల్ల అల్లరి వినలేదు.

"మల్ల రీలా?" అంది భాగ్యశ్రీ.

"నువ్వు సరే అంటేనే వదులుత అక్కా. చూసి నీకేం సమజైందో చెప్పు. తప్పు చెప్పినా ఫికర్ లేదు. తప్పు నాది."

"నన్ను పరీక్ష చేస్తున్నవా?"

"లేదు. నన్ను."

భాగ్యశ్రీ చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఫోన్ తిరిగి ఇచ్చి, తలుపుకు ఆనుకుంది.

"మీటరు ఐదు వందల లోపు చూపిస్తే నీళ్ళల్ల ఉప్పు తక్కువున్నట్టు. పురుగులున్నయా లేవా దానికి తెల్వది. తెల్వాల్నంటే ల్యాబ్‌కు పోవాలె. అప్పటిదాంక మరగబెట్టాలె." లోపలి బిందె వైపు చూసింది. "సరే గానీ, మరగబెట్టిన నీళ్ళు సంపు నీళ్ళతోని కడిగిన బిందెలనే పోస్తే? నేను నిన్న గట్లనే చేసిన."

మనస్విని అక్కడే గుమ్మంలో కూర్చుని డాక్టర్ ఉదయశ్రీ గారికి ఫోన్ చేసింది. ఆవిడ చెప్పినదంతా స్పీకర్‌లో అందరం విన్నాం. కాచిన గిన్నెలోనే మూత పెట్టి ఉంచడం మంచిది, వేరే దాంట్లో పోయాలంటే దాన్ని కూడా కాచిన నీళ్ళతో కడగాలి, ముంచి తీసేది కాక వంచుకునేది అయితే ఇంకా మంచిది. ఆ మాట రీల్‌లో కలిసింది. దానికి చోటు కోసం మొదట్లో పెట్టిన కడ్డీల దృశ్యం తీసేయాల్సి వచ్చింది. నరేన్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ తీశాడు.

వదిలాక కొంతమంది తిట్టారు. 'ఇప్పుడు చెప్తారా' అన్నారు. కొంతమంది చానల్ వదిలేసి పోయారట. పాత రీల్ చూసినంతమంది కొత్తది చూడలేదు. అది నా కూతురు దాచలేదు. మా ఆయన "ఏం గాదు" అన్నారు, నేను నమ్మలేదు. అయితే జనార్ధనరావు గారు ఫోన్ చేసి, "సర్వీసులో ఉన్నప్పుడు తప్పు వచ్చిందని రాయాల్సిన చోట 'సవరించిన ప్రతి' అని రాసేవాళ్ళం తల్లీ. నువ్వు తప్పనే రాశావు" అన్నారు. అది విని మనస్విని ఫోన్ పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది. నేను దాని తల నిమిరాను. చిన్నప్పటి తర్వాత అది నన్ను తల నిమరనిచ్చింది అప్పుడే.

ఇప్పుడు రీల్ అయినా, వీడియో ముఖచిత్రం మీద రాసే నాలుగు ముక్కలైనా దివాన్ దాటకుండా బయటికి పోవు. దివాన్ మీద ఇప్పుడు నేనొక్కదాన్నే లేను. భాగ్యశ్రీ సిరిని ఎత్తుకుని వస్తుంది. నాకు ముందే తెలిసిన సంగతి అయితే ఆమె చెబుతుంది, ఆమెకు తెలిసినదైతే నేను. ఇద్దరం రెండు తీర్లు చెబితే మనస్విని నవ్వి మళ్ళీ రాసుకోవడానికి కూర్చుంటుంది.

సంపు రెండోసారి పరీక్షకు పోయి బాగుందని వచ్చిన రోజు నేను భాగ్యశ్రీ ఇంటికి వెళ్ళాను. చేతులు జోడించాలనుకున్నాను. ఆ పిల్ల మమ్మల్ని తరిమి కొట్టినా కాదనేదాన్ని కాదు. ఆ రోజు తరమలేదు సరికదా, కొత్త రీల్ రెండుసార్లు చూసి, అందులో ఇంకా ఏం లేదో అడిగింది. అదంతా చెప్పాలని వచ్చి, ఆమెనే చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంది ఆంటీ, గట్ల చూస్తరు? కూర్చోండ్రి." స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. "తాగుండ్రి. కాచినయే."

గ్లాసు నోటి దాకా తీసుకుపోయి ఆగాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఆధారమేంది?" అన్నాను.

భాగ్యశ్రీ పగలబడి నవ్వి, నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె. మూత తీస్తే ఇంకా సన్నగా ఆవిరి. పక్కనే సిరి గ్లాసు, కడిగి బోర్లించి.

చూశాను. తాగాను. ఇంకో గ్లాసు అడిగి తాగాను.